రిఫ్లెక్టివ్ ఈక్విలిబ్రియం ప్రశ్నకి వరద గట్టు ఉదాహరణ పనికొస్తుందా?

అమలాపురం ఎంఏ: నీతిశాస్త్రం పేపర్లో "ఎక్కువమందికి ఎక్కువ మేలు చేసేదే సరైన పని అన్న సూత్రాన్ని రిఫ్లెక్టివ్ ఈక్విలిబ్రియం పద్ధతిలో పరీక్షించండి" అని వస్తే ఎలా రాయాలి? మోడల్ టెస్టులో తత్వవేత్త రాల్స్, 1971లో ఆయన పుస్తకం, సూత్రమూ మన తీర్పులూ ఒకదానికొకటి సరిపడేదాకా సవరించుకోవడమనే నిర్వచనం, విమర్శలు అన్నీ రాశాను. "పద్ధతి గురించి రాశావు, పద్ధతి వాడలేదు" అని సగం మార్కులు కోసేశారు. ఐదుగురు బతకడానికి బండిని ఒకడి మీదికి మళ్లించే ట్రాలీ ఉదాహరణ అందరూ రాస్తారని నేను గోదారి తీసుకుంటున్నా. వరదలో గట్టుకి గండి కొట్టి ఒక లంకను ముంచితే పట్టణం బతుకుతుంది. సరిపోతుందా? ఎన్ని పేజీలు రాయాలి?

లంక కుర్రాడు: గండి కొడితే లంక మునగడమేంటండీ బాబూ? లంక ఉండేదే గట్టుకి ఏటివైపు. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి మూడో హెచ్చరిక ఇచ్చేసరికి మేం ఎప్పుడో పడవెక్కేసి ఉంటాం. గండి పడితే మునిగేది అవతల ఆయకట్టు, ఊళ్లు. ముందు ఏటిగట్టు ఎక్కి చూసి రాయండి.

నెట్ క్వాలిఫైడ్: పరీక్షలో గోదారి మ్యాపు అడగలేదు కదా. నేను నెట్ పాసైనవాణ్ణి, వినండి. మనసుకి ఏది తప్పనిపిస్తుందో చూడాలి, దానికి సరిపడేదాకా సూత్రాన్ని మార్చాలి. అంతే. రాల్స్ కనిపెట్టింది ఇదే.

లంక కుర్రాడు: మునిగేవాడెవడో తెలీకుండా తప్పో ఒప్పో ఎలా తేలుస్తారు సార్?

నరసాపురం మాస్టారు: కుర్రాడన్నది నిజం. పేరు పెట్టింది రాల్సే గానీ, ఈ దారి అంతకుముందే 1955లో గుడ్‌మన్ తర్కం విషయంలో చూపించాడు. రాల్స్ కూడా ఆ మాట ఒప్పుకున్నాడు. ఇక ప్రతిసారీ సూత్రాన్నే వంచితే అది పరీక్ష కాదు, మన ఇష్టాలకి రూలు వేషం కట్టడం. ఒక్కోసారి మనసుకి తోచినదాన్నే వదులుకోవాలి.

గట్టునే సరిచేసి చూద్దాం. కుడిగట్టు తెగేలా ఉంది, వెనక పట్టణం. ఎడమగట్టుకి గండి కొడితే మట్టం తగ్గుతుంది, కానీ అటు చిన్న ఊరు మునుగుతుంది. సూత్రం కొట్టమంటుంది. అర్ధరాత్రి ఊరు నిద్రలో ఉండగా అంటే మనసు ఒప్పదు. ఆ ఒప్పకపోవడం ఎవరిదో చూడాలి. ఆ ఊళ్లో పొలం ఉన్నవాడి మాట, పట్టణంలో కొట్టున్నవాడి మాట పక్కన పెట్టాలి, ఇద్దరికీ సొంత లాభనష్టాలున్నాయి. ఏ సంబంధం లేనివాడు నింపాదిగా ఆలోచించి కూడా తప్పంటే, అది నిలబడే తీర్పు. అప్పుడు సూత్రం మారుతుంది: ముందు చెప్పకుండా, ఖాళీ చేయించకుండా, పరిహారం ఇవ్వకుండా కొద్దిమంది మీద నష్టం పడనివ్వకూడదు.

చాలామంది ఇక్కడే ఆపేసి మార్కులు పోగొట్టుకుంటారు. కొత్త సూత్రాన్ని ఇంకో సందర్భంలో పెట్టి చూడాలి. రెండు గట్లూ వాటంతటవే జారుతున్నాయి, ఇసుక బస్తాలు ఒకవైపుకే సరిపోతాయి. ఎడమవైపు ఊరికి కబురు అందలేదు కాబట్టి పట్టణానికి పంపకూడదంటుంది కొత్త సూత్రం. కానీ దాదాపు ఎవర్ని అడిగినా పట్టణానికే పంపమంటారు. ఇక్కడ రెండు దారులున్నాయి. చేతులారా ముంచడం వేరు, ఆపలేకపోవడం వేరు అని సూత్రంలో చేర్చొచ్చు. లేదా మునిగినవాడికి రెండూ ఒకటే కదా అని, గండి మీద మొదటి జంకునే వదిలేయొచ్చు. ఏది ఎంచుకున్నా కారణం రాయాలి.

నెట్ క్వాలిఫైడ్: అంటే నాకు రెండువైపులా సవరించాలని తెలీదనా మీ ఉద్దేశం? టైపు చేసే ఓపిక లేక క్లుప్తంగా చెప్పాను. గుడ్‌మన్ పేరెత్తితే పండితులైపోరు.

భీమవరం వరి: గట్లు సరే. మా పక్క చెరువుల వాళ్లు ఉప్పునీళ్లు డ్రెయిన్‌లోకి వదిలేసి, అడిగితే ఎంతమందికి పనిస్తున్నామో చూడమంటారు. మాకు చేను చౌడు పడుతోంది. దీనికి ఏ ఈక్విలిబ్రియం అండీ?

రొయ్యల రాజు: వరిలో ఏం మిగులుతోందని ఈ ఏడుపు? సగం ఊరు మా చెరువుల మీదే బతుకుతోంది. మీ తమ్ముడు కూడా తవ్వించే ఉంటాడు, కనుక్కోండి.

భీమవరం వరి: ఇంట్లోవాళ్ల జోలికొస్తే బాగోదు.

నరసాపురం మాస్టారు: మీ ఇద్దరి తీర్పులూ ఇప్పటికి పక్కన పెట్టాల్సినవే.

కాకినాడ పద్మ: అక్కడే నా పేచీ మాస్టారూ. చేను పోయినవాడి కోపం తీసేసి, ఏసీలో కూర్చున్నవాడి ప్రశాంతత ఉంచుతారు. ఏం పోతుందో తెలిసినవాడు ఆ కోపమున్నవాడే కదా. పైగా నింపాదిగా ఉన్నవాళ్లందరికీ ఒకే దురభిప్రాయం ఉంటే, సూత్రమూ తీర్పూ చక్కగా అతుకుతాయి, రెండూ తప్పే అవుతాయి. బ్రాండ్ట్ విమర్శ ఇలాంటిదే.

నరసాపురం మాస్టారు: విమర్శ గట్టిదేనమ్మా. అందుకే డేనియల్స్ 1979లో, సూత్రం, తీర్పులతో పాటు మనిషి గురించీ సమాజం గురించీ మనకున్న సిద్ధాంతాలనీ లెక్కలోకి తెమ్మన్నాడు. 1951లోనే రాల్స్, తీర్పు చెప్పేవాడికి విషయం తెలిసుండాలనీ, అవతలివాడి బాధ ఊహించగలగాలనీ అన్నాడు.

కాకినాడ పద్మ: ఊహించగలిగాడో లేదో తేల్చేదెవరు? అదే ప్రశాంతమైన పెద్దమనిషా?

లంక కుర్రాడు: ఇంకోటి. పరిహారం అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా వైపు సాగు కౌలుదారుది, కాగితం భూస్వామిది. డబ్బు కాగితం ఉన్నవాడికే పోయిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఎంఏ తమ్ముడూ, నీ రెండో సందర్భంగా ఇది పెట్టు, ఆ కొత్త సూత్రం ఎంతవరకు నిలబడుతుందో చూద్దాం.