కాన్ఫిగ్ స్ట్రక్చర్ చెడిపోతోంది: ఒక్క రీజియన్ చాలా, టాస్కులన్నీ విడదీయాలా?

బోరుబావి బోర్డు (ప్రశ్న): వ్యవసాయ మోటార్లకు మొబైల్ స్టార్టర్లు చేసే చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. ఎస్‌టీఎం32ఎఫ్407 మీద ఫ్రీఆర్‌టీఓఎస్, ఆరు టాస్కులు. రైతు ఎస్సెమ్మెస్‌తో పెట్టిన సెట్టింగులన్నీ 180 బైట్ల స్ట్రక్చర్‌లో ఉంటాయి. రెండు మూడు రోజులకోసారి అందులోని డ్రై రన్ కరెంటు పరిమితి 4500 మిల్లీ ఆంపియర్ల నుంచి ఏదో పెద్ద సంఖ్యకు మారిపోతోంది. ఇక మోటారు ఎంతకీ నడవదు. ఎవరో తప్పు పాయింటర్‌తో రాస్తున్నారని నా అనుమానం. ఎంపీయూతో ఆ స్ట్రక్చర్‌కు మాత్రమే కాపలా పెట్టాలా, లేక ఫ్రీఆర్‌టీఓఎస్ ఎంపీయూ పోర్టుకు మారి టాస్కులన్నింటినీ వేరు చేయాలా? మా ఆఫీసులో దీని మీద రెండు వర్గాలయ్యాయి.

గోడ కట్టేవాడు: మొత్తం మార్చండి. ఒక్క స్ట్రక్చర్‌కు కాపలా పెట్టి లాభం లేదు. ఫ్రీఆర్‌టీఓఎస్ మామూలు పోర్టులో టాస్కులన్నీ ప్రివిలేజ్డ్ స్థాయిలోనే నడుస్తాయి. మీరు PRIVDEFENA పెట్టి ఎంపీయూ ఆన్ చేస్తే ప్రివిలేజ్డ్ కోడ్‌కు మెమరీ అంతా తెరిచే ఉంటుంది. తలుపుకు తాళం వేసి తాళంచెవి అందరికీ పంచినట్టు.

పాత రిజిస్టర్: సగం మాత్రమే నిజం. PRIVDEFENA వర్తించేది ఏ రీజియన్‌లోకీ రాని చిరునామాలకే. మీరు రీజియన్ పెట్టిన చోట ఆ రీజియన్ అనుమతులే చెల్లుతాయి, ప్రివిలేజ్డ్ కోడ్‌కైనా సరే. అనుమతి విలువ 6 పెడితే ప్రివిలేజ్డ్, అన్‌ప్రివిలేజ్డ్ కోడ్ రెండూ చదవగలవు, రెండూ రాయలేవు. ప్రివిలేజ్డ్ కోడ్ ఎంపీయూ రిజిస్టర్లనే మార్చి గోడ తీసేయగలదన్నది నిజమే. కానీ దారి తప్పిన పాయింటర్ అంత తెలివిగా పనిచేయదు. దొంగను ఆపడం వేరు, తప్పతాగి గోడకు గుద్దుకునేవాడిని పట్టుకోవడం వేరు.

బోరుబావి గారూ, ముందు ఇది చేయండి. ఎం4లో రీజియన్ పరిమాణం రెండుకు ఘాతంగానే ఉండాలి, మొదలు చిరునామా ఆ పరిమాణానికి గుణిజం కావాలి. మీ 180 బైట్లకు 256 బైట్ల రీజియన్ పడుతుంది. స్ట్రక్చర్‌ను 256కు అలైన్ చేసి, మిగిలిన 76 బైట్లలోకి వేరే వేరియబుల్ రాకుండా నింపేయండి. లేకపోతే ఆ వేరియబుల్‌ను న్యాయంగా రాసే కోడ్ కూడా దోషిగా దొరుకుతుంది.

```c
MPU->RNR  = 7;
MPU->RBAR = (uint32_t)&cfg;
MPU->RASR = (1UL << 28) | (6UL << 24)
          | (6UL << 16) | (7UL << 1) | 1UL;
SCB->SHCSR |= SCB_SHCSR_MEMFAULTENA_Msk;
MPU->CTRL = MPU_CTRL_PRIVDEFENA_Msk
          | MPU_CTRL_ENABLE_Msk;
__DSB(); __ISB();
```

ఎస్సెమ్మెస్ సెట్టింగు వచ్చినప్పుడు రాసే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. అది క్రిటికల్ సెక్షన్‌లోకి వెళ్లి రీజియన్‌ను ఆపి, రాసి, మళ్లీ పెట్టాలి. మధ్యలో టాస్కు మారితే ఆ కాసేపు కాపలా లేనట్టే.

అన్నిటికంటే ముందు, కావాలని ఒక తప్పు రాత రాసి చూడండి. కాపలా మేలుకుని ఉందో లేదో పరీక్షించకుండా వారం రోజులు ఎదురుచూసినవాళ్లను చూశాను. అందులో నేనూ ఒకడిని.

కాషే బాధితుడు: నాదీ ఎంపీయూ సమస్యే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. ఎం7 బోర్డులో ఈథర్‌నెట్ డిస్క్రిప్టర్లకు కాషే లేకుండా రీజియన్ 0 పెట్టాను. ర్యామ్ మొత్తానికి కాషేతో రీజియన్ 1. అయినా పాకెట్లు పాతవే కనిపిస్తున్నాయి.

పాత రిజిస్టర్: మీది వేరే కథ. రెండు రీజియన్లు ఒకదానిమీద ఒకటి పడితే పెద్ద నంబరు ఉన్నదే గెలుస్తుంది. మీ రీజియన్ 1 వచ్చి 0ను కప్పేసింది. నంబర్లు తారుమారు చేయండి.

బోరుబావి బోర్డు: పెట్టాను. పరిమితి ఉన్న చోట కావాలని రాస్తే వెంటనే ఫాల్ట్ వచ్చింది. CFSR 0x82, MMFAR లో సరిగ్గా ఆ చిరునామా. కాపలా మేలుకునే ఉంది. కానీ మూడు రోజులైనా ఫాల్ట్ లేదు, విలువా చెడలేదు. అలైన్ చేయడంతోనే జబ్బు నయమైందా?

పాత రిజిస్టర్: నయం కాలేదు, ఇల్లు మారింది. అలైన్ చేసినప్పుడు లింకర్ మీ స్ట్రక్చర్‌ను వేరే చోట పెట్టి ఉంటుంది. ఇప్పుడు ఆ రాతలు ఎవరూ పట్టించుకోని చోట పడుతున్నాయి. పాత మ్యాప్ ఫైల్ తీసి స్ట్రక్చర్‌కు ముందు ఏ వేరియబుల్ ఉందో చూడండి. దాన్ని మళ్లీ సరిగ్గా ముందుకు తెచ్చి నడపండి.

గోడ కట్టేవాడు: చూశారా, ఒక్క రీజియన్‌తో దాగుడుమూతలే. టాస్కులన్నీ వేరై ఉంటే అది ఎక్కడ రాసినా దొరికేది.

ఎనిమిది చాలవు: అలా అని నేనూ ఒకప్పుడు పోర్టు మార్చాను. ఎం4లో రీజియన్లు ఎనిమిదే. వాటిలో కెర్నల్ తన అవసరాలకు తీసుకోగా ఒక్కో టాస్కుకు మీరు స్వయంగా పెట్టుకునేందుకు మిగిలేవి మూడు. మా మోడెమ్ టాస్కుకు 5 కేబీ డేటా ఉంది, దానికి 8 కేబీ రీజియన్ కావాలి. అదృష్టంకొద్దీ రీజియన్‌ను ఎనిమిది ముక్కలుగా చేసి కొన్నిటిని మూసేయవచ్చు. చివరి మూడు ముక్కలు మూస్తే 5 కేబీ మిగులుతుంది, ఆ మూడు వేరేవాళ్లకు ఇవ్వవచ్చు. కానీ మొదలు చిరునామా మాత్రం 8 కేబీ గుణిజమే కావాలి. లింకర్ స్క్రిప్టుతో రెండు వారాలు కుస్తీ పట్టాను. లైబ్రరీలో ఒక గ్లోబల్ వేరియబుల్ కనబడిన ప్రతిసారీ మళ్లీ మొదటికి.

బోరుబావి బోర్డు: మ్యాప్ చూశాను. స్ట్రక్చర్‌కు ముందు uart_rx అనే 64 బైట్ల బఫర్ ఉండేది, మోడెమ్ నుంచి వచ్చేవి అందులో పడతాయి. ఇప్పుడు బఫర్‌ను 0x20002CC0 దగ్గర, స్ట్రక్చర్‌ను 0x20002D00 దగ్గర పెట్టాను. రెండో రోజే విలువ చెడింది. ఫాల్ట్ మాత్రం రాలేదు! CFSR సున్నా. మళ్లీ కావాలని రాసి చూస్తే ఫాల్ట్ వస్తోంది. నాకేమీ అర్థం కావడం లేదు.

గోడ కట్టేవాడు: రాసే ఫంక్షన్ రీజియన్ తెరిచిన సమయంలోనే ఏదో ఇంటరప్టు దూరి ఉంటుంది.

పాత రిజిస్టర్: ఆ రోజు సెట్టింగు మార్చే ఎస్సెమ్మెస్ వచ్చిందా? రాకపోతే ఆ ఫంక్షన్ నడవనే లేదు. బోరుబావి గారూ, చెడిన విలువ ఎంతో కచ్చితంగా చెప్పండి. ‘పెద్ద సంఖ్య’ అంటే చాలదు.

బోరుబావి బోర్డు: సెట్టింగు సందేశమేమీ రాలేదు. విలువ 1414349611. దాని పక్క ఫీల్డులు కూడా చెడ్డాయి.

పాత రిజిస్టర్: హెక్స్‌లో 0x544D432B. మెమరీలో తక్కువ బైటు ముందుంటుంది కాబట్టి వరుసగా 2B 43 4D 54. అక్షరాలుగా చదివితే `+CMT`. ఎస్సెమ్మెస్ వచ్చిందని మోడెమ్ చెప్పే మాట. మీ డ్రై రన్ పరిమితిలో కూర్చున్నది మోడెమ్ పంపిన అక్షరాలు.

ఇక ఫాల్ట్ ఎందుకు రాలేదంటారా? ఎంపీయూ ప్రాసెసర్ కోర్ లోపల ఉంటుంది, కోర్ చేసే రాతలనే చూస్తుంది. డీఎంఏ బస్సు మీద తన దారిన తాను వెళ్లి ర్యామ్‌లో రాస్తుంది, మధ్యలో ఎంపీయూ తగలదు. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న చోట ఫాల్ట్ లేకుండా విలువ మారిందంటే, రాసింది కోర్ కాదు. మీ కాపలా విఫలం కాలేదు, ఒక అనుమానితుడిని నిర్దోషిగా తేల్చింది. మోడెమ్ డీఎంఏ కౌంట్ ఎంత ఇచ్చారో చూడండి.

బోరుబావి బోర్డు: 128! బఫర్ 64. ఏడాది కిందట ఎవరో బఫర్ తగ్గించి కౌంట్ మరిచిపోయారు. లైను ఖాళీ అయినప్పుడు వచ్చే ఇంటరప్టులో డీఎంఏను మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాం, కాబట్టి మామూలు జవాబులకు 64 దాటదు. రెండు సందేశాలు ఎడం లేకుండా వస్తే రెండోదాని తలభాగం స్ట్రక్చర్‌లో పడుతోంది. కంపెనీల ప్రకటన సందేశాలు గుంపుగా వచ్చిన రోజే చెడుతోందని ఇప్పుడు లాగ్ చూస్తే తెలుస్తోంది.

ఎనిమిది చాలవు: మీ చిప్‌లో 0x10000000 దగ్గర 64 కేబీ సీసీఎం ర్యామ్ ఉంది. ఎఫ్407లో డీఎంఏ దాన్ని చేరలేదు, కోర్ ఒక్కటే చేరగలదు. స్ట్రక్చర్‌ను అక్కడికి మార్చి అదే రీజియన్ పెట్టండి. కోర్‌ను ఎంపీయూ ఆపుతుంది, డీఎంఏకు దారే ఉండదు.

గోడ కట్టేవాడు: కౌంట్ సరిచేయకుండా సీసీఎంలోకి మారిస్తే బఫర్ తర్వాత ఇంకేది ఉంటే అది చెడుతుంది. అయినా నా మాట మీదే ఉన్నాను. డీఎంఏ విషయంలో పొరబడ్డాను, నిజమే. కానీ మోడెమ్ టాస్కు బయటి నుంచి వచ్చే అక్షరాలను విడగొడుతుంది. ఆ పార్సర్‌లో రేపు తప్పు దొరికితే అది రిలే టాస్కు స్టాక్‌ను పాడుచేస్తుంది. కనీసం ఆ ఒక్క టాస్కునైనా అన్‌ప్రివిలేజ్డ్ చేయాలి.

పాత రిజిస్టర్: ఆ ఒక్క టాస్కు వరకు మీతో ఏకీభవిస్తాను. తేడా వచ్చేది తర్వాత ఏం చేస్తారన్న దగ్గర. మోడెమ్ టాస్కు ఫాల్ట్ అయితే దాన్ని చంపేస్తారా? దాని చేతిలో మ్యూటెక్స్ ఉంటే రిలే టాస్కు దానికోసం ఎదురుచూస్తూ నిలబడిపోతుంది. నేనైతే ఫాల్ట్ వివరాలు ఒక చోట భద్రపరిచి, రిలే తెరిచి, బోర్డు రీసెట్ చేస్తాను. చివరికి రీసెటే అయితే గోడ పని కోర్ చేసే తప్పును పట్టుకోవడం వరకే, దానికి రెండు వారాల లింకర్ కుస్తీ అక్కర్లేదు.

గోడ కట్టేవాడు: నడుస్తున్న మోటారును ప్రతి చెడ్డ సందేశానికీ ఆపేస్తే రైతు ఊరుకుంటాడా? మ్యూటెక్స్ ఇవ్వకుండా క్యూతోనే మాట్లాడించండి. అప్పుడు మోడెమ్ టాస్కు చచ్చినా మోటారు నడుస్తుంది.

ఎనిమిది చాలవు: స్టాక్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. టాస్కు స్టాక్ అడుగున 32 బైట్ల కాపలా రీజియన్ పెట్టి అదే చాలనుకోకండి. 200 బైట్ల లోకల్ అర్రే ఉన్న ఫంక్షన్ ఆ 32 బైట్లను తాకకుండానే దాటి అవతల రాసేయగలదు. ఎం33లో స్టాక్ హద్దుకు వేరే రిజిస్టరే ఉంది. స్టాక్ పాయింటర్ హద్దు దాటగానే ఫాల్ట్, కాబట్టి ఈ గెంతు అక్కడ కుదరదు.

బోరుబావి బోర్డు: కౌంట్ సరిచేశాను, స్ట్రక్చర్ సీసీఎంలోకి మారింది, రీజియన్ అలాగే ఉంచాను. మోడెమ్ టాస్కు సంగతి మా ఆఫీసులో ఇంకా తేలలేదు. క్యూతో మార్చాలంటే ఎన్ని చోట్ల మ్యూటెక్స్ ఉందో లెక్కపెట్టాను, పదకొండు. కాషే గారి పాకెట్లు ఏమయ్యాయి?

కాషే బాధితుడు: నంబర్లు మార్చగానే కొత్తవి వస్తున్నాయి.