అప్‌డేట్: బాలింతకు డిప్రెషన్ మాత్రలు, పాలు మాన్పించాలా?

నా పాత ప్రశ్న: "మా చెల్లికి కాన్పయ్యాక ఒకటే ఏడుపు, నిద్ర లేదు. మాత్రలు వాడితే పాలు మానేయాలా? మాది పర్లాకిమిడి."

మాన్పించలేదు. జవాబిచ్చినవాళ్లకి థాంక్స్. కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో చూసే ఎడిన్‌బరో ప్రశ్నలు అడిగించమన్న సలహా పనికొచ్చింది. 30కి 18 వచ్చింది. 13 వచ్చినా సైకియాట్రిస్టుకి చూపించాలన్నారు. తనకి తాను హాని చేసుకోవాలనిపించిందా అన్న చివరి ప్రశ్నకి 'లేదు' తప్ప ఇంకేం చెప్పినా, మొత్తం స్కోరు తక్కువైనా సరే, అదే రోజు చూస్తారట.

బరంపురంలో డాక్టరుగారు, చెల్లి నిద్ర లేకపోయినా మహా హుషారుగా తిరిగిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా అని మా అమ్మని కూడా గుచ్చి గుచ్చి అడిగారు. అలాంటి హుషారు, దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ అయితే డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే వికటించొచ్చట. అది కాదని తేలాక సెర్ట్రలిన్ 25 ఎంజీ, తర్వాత 50. పాలలోకి వెళ్లేది చాలా తక్కువ. బిడ్డ మరీ మగతగా ఉన్నా, పాలు సరిగ్గా తాగకపోయినా తీసుకురమ్మన్నారు. అలాంటిదేం లేదు.

థైరాయిడ్ నార్మల్. పాలు పిండి పారబోయడం అనవసరమన్నారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టింది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలట.