ఈజీఎఫ్ఆర్ 29 ఉన్న పాపకి మెరోపెనెమ్: పూర్తి డోసా, సగం డోసా?

రెండోఏడు_పీజీ
ఎనిమిదేళ్ల పాప, ఎత్తు 112 సెంటీమీటర్లు, బరువు 19 కిలోలు. పుట్టుకతోనే కిడ్నీలు చిన్నవి, మూడు నెలల కిందట క్రియాటినిన్ 1.2 ఉంది. ఇప్పుడు చలిజ్వరం, వాంతులతో వచ్చింది, యూరిన్ ఇన్ఫెక్షన్, కల్చర్ చూసి మెరోపెనెమ్ పెడదామనుకున్నాం. క్రియాటినిన్ నిన్న 1.3, ఇవాళ పొద్దున 1.6. కిడ్నీ వడపోత, అదే ఈజీఎఫ్ఆర్, అంచనాకి బెడ్‌సైడ్ ష్వార్ట్జ్ లెక్క వేస్తే 0.413 × 112 ÷ 1.6, దాదాపు 29 వచ్చింది. మా దగ్గరున్న పట్టికలో 26 నుంచి 50 మధ్యైతే పూర్తి డోసే, ఎనిమిది గంటలకి బదులు పన్నెండు గంటలకోసారి అని ఉంది. అందుకే కిలోకి 20 చొప్పున 380 మిల్లీగ్రాములు రాశాను. సీనియర్ చూసి 190 చెయ్యమన్నారు. ఎందుకో అడిగే ధైర్యం రాలేదు.

ఫార్మసీ_నైట్‌షిఫ్ట్
మీ సీనియర్ చెప్పిందే కరెక్ట్. ఆ 29 అనేది 1.73 చదరపు మీటర్ల శరీరానికి లెక్క. మీ పాప ఒంటి వైశాల్యం 0.77 మాత్రమే కదా. 29 × 0.77 ÷ 1.73 చేస్తే 13 వస్తుంది. 10 నుంచి 25 వరుసలో పడింది, అక్కడ సగం డోసు పన్నెండు గంటలకి. మేం పెద్దవాళ్లకి ఇలాగే సరిచేస్తాం.

పిల్లల_నెఫ్రో
పెద్దవాళ్లకి అది సరైన పనే, ఇక్కడ కాదు. పెద్దవాళ్ల డోసు ఇన్ని మిల్లీగ్రాములు అని ముందే ఖాయమై ఉంటుంది, మనిషి చిన్నవాడైనా పెద్దవాడైనా అదే, కాబట్టి అతని కిడ్నీ నిమిషానికి నిజంగా ఎంత వడకడుతుందో చూడాలి. పాప డోసుని మీరు కిలోల లెక్కన ముందే చిన్నది చేశారు. మళ్లీ ఈజీఎఫ్ఆర్‌ని కూడా ఆమె ఒంటికి తగ్గిస్తే ఒకే కారణానికి రెండుసార్లు కోత పెట్టినట్టు. ఆ పద్ధతిలో వెళ్తే కిడ్నీలు బాగా పనిచేసే, ఇంతే ఒళ్లున్న పిల్ల కూడా 50కి అటూ ఇటూ వస్తుంది, అందరికీ డోసు తగ్గించాలా? మామూలుగా రోజుకి 1140 వెళ్లాల్సిన పాపకి పన్నెండు గంటలకోసారి పూర్తి డోసైతే 760, సగమైతే 380. జ్వరం తగ్గకపోతే మందు పనిచెయ్యట్లేదనుకుంటారు, అసలు మందే చాలలేదని తట్టదు.

చిన్నూ_అమ్మ
డాక్టర్ గారూ, మా బాబుకి ఒకటే కిడ్నీ. ఎత్తు 118, క్రియాటినిన్ 0.5. పోయినసారి దగ్గుకి ఇచ్చిన యాంటీబయాటిక్ సిరప్ భయమేసి సగమే పోశాను. తప్పు చేశానా?

పిల్లల_నెఫ్రో
అమ్మా, మీ బాబు లెక్క 97 వస్తుంది. అంటే ఉన్న ఒక్క కిడ్నీ రెండింటి పనీ చేస్తోంది. ఆ సంఖ్యకి యాంటీబయాటిక్ తగ్గించక్కర్లేదు. మీరే కొలత మార్చకండి, రాసే డాక్టరుకి ఒకటే కిడ్నీ అని ముందే చెప్పండి చాలు.

పీజీ గారూ, నాకు అనుమానమున్నది వేరే చోట. క్రియాటినిన్ ఒక్కరోజులో 1.3 నుంచి 1.6కి ఎక్కింది, ఇంకా ఎక్కుతూ ఉండొచ్చు. రక్తంలో అది పేరుకోడానికి టైం పడుతుంది, కిడ్నీ దెబ్బ తిన్నాక చాలాసేపటికి గానీ సంఖ్య కనపడదు. కాబట్టి ఇవాళ్టి నిజమైన వడపోత 29 కన్నా తక్కువే. రేపు దిగడం మొదలైతే తిరగబడుతుంది, లెక్క చూపించేదాని కన్నా కిడ్నీ బాగుంటుంది. పాప యూరిన్ ఎంత పోస్తోంది?

రెండోఏడు_పీజీ
రాత్రి చాలా తక్కువ పోసింది. సెలైన్ ఎక్కించాక ఉదయం నుంచి గంటకి 25 మిల్లీలీటర్ల దాకా వస్తోంది.

ఐసీయూ_పాత_కాపు
కిలోకి గంటకి ఒక మిల్లీలీటరు దాటిందంటే తేరుకుంటోంది. నేనైతే మొదటి 24 గంటలు ఎనిమిది గంటలకే పూర్తి డోసు నడుపుతాను. వాంతులతో ఒళ్లు ఎండిపోయి పెరిగిన క్రియాటినిన్ నీళ్లు పడితే చాలాసార్లు రెండు రోజుల్లో దిగుతుంది, ఈలోగా ఇన్ఫెక్షన్ ముదిరితే ఆ కిడ్నీయే పోతుంది. అమికాసిన్ అయితే ఇలా అనను, అది కిడ్నీనే తింటుంది, లెవెల్ చూడకుండా రెండో డోసు వెయ్యను.

పిల్లల_నెఫ్రో
మొదటి డోసు పూర్తిగా ఇవ్వడంలో నాకూ అభ్యంతరం లేదు, ఎవరికైనా అది తగ్గించకూడదు. కానీ ఈ పాప మామూలప్పుడే, క్రియాటినిన్ 1.2తో, 39, పూర్తిగా తేరుకున్నా పన్నెండు గంటల వరుసలోనే ఉంటుంది. మెరోపెనెమ్ పేరుకుంటే ఫిట్స్ రావచ్చు. మగతగా ఉన్నా, చేతులు అదురుతున్నా జ్వరం వల్లే అని వదిలెయ్యకండి.

రెండోఏడు_పీజీ
అప్‌డేట్. కాగితం మీద రెండు లెక్కలూ వేసి సీనియర్‌కి చూపించాను, కాసేపు చూసి 380 పన్నెండు గంటలకే ఉంచమన్నారు. ఇవాళ క్రియాటినిన్ 1.4, లెక్క 33. మగత లేదు, జ్వరం రాత్రి నుంచి రాలేదు.

ఫార్మసీ_నైట్‌షిఫ్ట్
నా లెక్క వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒకటి చెప్పండి, పద్నాలుగేళ్ల 90 కిలోల అబ్బాయికి కిలోల లెక్క పెద్దవాళ్ల గరిష్ఠ డోసు దగ్గర ఆగిపోతుంది కదా, అప్పుడు అతన్ని ఏ లెక్కలో చూడాలి?

పిల్లల_నెఫ్రో
అక్కడ మీ పద్ధతికే న్యాయం ఎక్కువ. ఐతే ఆ వయసులో ఎత్తుతో వేసే అంచనా కూడా అంత నమ్మకంగా ఉండదు, నేను సిస్టాటిన్ సి రక్తపరీక్ష పంపిస్తాను. పాత కాపు గారు ఏం చేస్తారో చెప్పాలి.