హౌస్ వైన్ గ్లాసులే చెప్పాలా, సీసా తీసుకోవాలా?

మాది విజయనగరం. ఆదివారం అక్కాబావల పెళ్లిరోజుకి హోటల్‌కి వెళ్తున్నాం. వైన్ తాగేది నలుగురం, తలా ఒక గ్లాసు, మహా అయితే ఇంకొంచెం.

వైన్ లిస్టు ముందే ఫొటో తీసుకొచ్చాను. హౌస్ వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసు 450 రూపాయలు. ఏ కంపెనీదో, ఏ ద్రాక్షో రాయలేదు. 750 మిల్లీలీటర్ల సీసాకి ఐదు గ్లాసులు వస్తాయి కదా, అంటే సీసా 2,250 పడినట్టు. అదే లిస్టులో నాసిక్ షెనిన్ బ్లాంక్ సీసా 1,900, సావిన్యోన్ బ్లాంక్ 2,800. షాపులో వాటి ఎంఆర్‌పీ 800, 1,600 ఉంది. చవకదాని మీదే రెండింతలకు పైగా వేశారు, ఖరీదైనదాని మీద అంత లేదు. అందుకే 2,800 దే నయమేమో అనిపిస్తోంది, కానీ రూపాయల్లో చూస్తే దాని మీదా 1,200 ఎక్కువే.

పోయినసారి వేరేచోట హౌస్ వైన్ చెప్తే ముక్కు దగ్గర పెట్టగానే వెనిగర్ వాసన కొట్టింది. సీసా ఎప్పుడు తెరిచారని అడిగితే సర్వర్ చెప్పలేకపోయాడు. తెరిచి రోజుల తరబడి ఉంచితే గాలి తగిలి అలాగే అవుతుందట.

తెలిసినవాళ్లు చెప్పండి: వంజరం వేపుడు, రొయ్యల ఇగురు కారంగా తింటాం, ఆ రెండు సీసాల్లో ఏది నప్పుతుంది? గ్లాసే చెప్తే, ముందు కాస్త రుచి చూపించమని అడగొచ్చా?