మెయిల్‌కు వేలిముద్ర తాళం ఉన్నా లాక్ స్క్రీన్ మీద అక్షరాలు కనిపిస్తున్నాయి, ఎక్కడ ఆపాలి?

హనుమకొండ_ఖాతాలు
నేను ఒక శిక్షణ సంస్థలో లెక్కలు చూస్తాను. ఫోను రోజంతా బల్ల మీదే ఉంటుంది. మరో చోట ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. నిన్న ఇంటర్వ్యూకు పిలుస్తూ మెయిల్ వచ్చింది. తెర వెలిగి, ఆ కంపెనీ పేరు, తేదీ, మొదటి వాక్యం అన్నీ కనిపించాయి. పక్కన నిలబడ్డ మా మేనేజర్ చదివేశారు. మెయిల్ తెరవాలంటే మాత్రం వేలు అడుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోను. ఈ అక్షరాలను ఎలా ఆపాలి? వేలిముద్ర మంచిదా, పిన్ మంచిదా? మా పాప వేలు కూడా ఇదే ఫోనులో ఉంది, దాని వల్ల ఇబ్బంది ఉందా?

కరీంనగర్_రిపేర్
అక్కా, ఇరవై ఏళ్లుగా ఫోన్లు విప్పుతున్నాను, నా మాట వినండి. ప్లే స్టోర్‌లో తాళం వేసే ఆప్‌లు బోలెడున్నాయి. ఒకటి వేసుకుంటే మెయిల్, గ్యాలరీ, వాట్సాప్ అన్నీ భద్రం. వేలిముద్రను మించిన తాళం లేదు.

కాజీపేట_స్టేషన్
అన్నా, ఆమె అడిగింది అది కాదు. ఆప్ తాళం తలుపుకు మాత్రమే. కొత్త మెయిల్ వచ్చిందని చెప్పే నోటిఫికేషన్ ఆ తలుపు బయట ఉంటుంది, దాన్ని విడిగా కప్పాలి.

సెట్టింగ్స్‌లో Notifications తెరిచి, అందులో లాక్ స్క్రీన్‌కు సంబంధించిన భాగానికి వెళ్లండి. Sensitive notifications అనే మీట ఉంటే దాన్ని ఆపండి. కొన్ని ఫోన్లలో అదే Hide sensitive content అని కనిపిస్తుంది, అప్పుడు దాన్ని ఎంచుకోండి. మెయిల్ వచ్చినట్లు గుర్తు కనిపిస్తుంది, లోపలి మాటలు మాత్రం ఫోను అన్‌లాక్ చేశాకే కనిపిస్తాయి. ఒక్క మెయిల్‌కే కావాలంటే అదే Notifications లో మెయిల్ ఆప్‌ను ఎంచుకోండి. జీమెయిల్ అయితే ఒక్కో ఖాతా విడిగా కనిపిస్తుంది. ఒక ఖాతాకు దాచి ఇంకో ఖాతాను వదిలేస్తే రెండో దాని అక్షరాలు తెర మీదకు వస్తూనే ఉంటాయి.

కొత్తవాడ_మగ్గం
వేలిముద్రను మించిన తాళం లేదని ఎవరన్నారు? మా నాన్నగారు జీవితమంతా దర్రీలు నేశారు. నూలు రాసుకుని రాసుకుని వేళ్ల గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో యంత్రం ఆయన వేలు పట్టదు, ఫోనూ పట్టదు. మా వీధిలో నేతన్నలు చాలామందిది ఇదే కథ. ఆయన మెయిల్‌కు పిన్ పెట్టాను, ఇప్పుడు హాయిగా ఉంది.

కరీంనగర్_రిపేర్
చెమట, నూనె అంటిన వేళ్లకు సెన్సార్ తుడిస్తే చాలు. పిన్ అయితే వెనక నిలబడ్డవాడు చూసేస్తాడు. ఎనుమాముల మార్కెట్‌లో నిలబడి పిన్ కొట్టి చూడండి, ఎంతమంది కళ్లు మీ ఫోను మీద ఉంటాయో!

ఎనుమాముల_మిర్చి
మార్కెట్ పేరెత్తారు కాబట్టి చెబుతున్నాను. మిర్చి సీజన్‌లో బస్తాలు దించుకునేవాళ్ల చేతికి కారం అంటి ఉంటుంది. తెర మీద వేలు పెడితే మరక పడుతుంది, వేలు కడుక్కునేదాకా ఫోను తెరుచుకోదు. మాకు పిన్నే గతి. వెనక నుంచి చూస్తారన్నది నిజమే, అందుకే నాలుగు అంకెలతో సరిపెట్టను, ఆరు పెడతాను.

కొత్తవాడ_మగ్గం
తుడిస్తే చాలు అంటున్నారు. గీతలే లేనప్పుడు అద్దం తుడిచి ఏం లాభం? ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారు ఒకసారి మా వీధికి వచ్చి వేళ్లు చూసి మాట్లాడండి.

కాజీపేట_స్టేషన్
ఇద్దరూ శాంతించండి. వేలిముద్ర పెట్టినా లోపల పిన్ ఉంటూనే ఉంటుంది. ఫోను ఆపి మళ్లీ ఆన్ చేశాక మొదటిసారి వేలు పనిచేయదు, పిన్నే అడుగుతుంది. అసలు తాళం పిన్నే, వేలు దానికి దగ్గరి దారి. పిన్ బలహీనంగా ఉంటే వేలు ఎంత బాగున్నా లాభం లేదు.

పాప వేలి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఫోను తాళానికి పాప వేలు చెల్లితే, ఫోనులో ఉన్న ఆప్ తాళానికీ చాలాసార్లు అదే చెల్లుతుంది. నమోదైన వేలా కాదా అన్నదే ఆప్‌కు తెలుస్తుంది, ఎవరి వేలో తెలియదు. చాలా బ్యాంకు ఆప్‌లు కొత్త వేలు చేరగానే మళ్లీ పిన్ అడగడానికి కారణం ఇదే. పాప వేలు తీసేయండి, లేదా మెయిల్‌కు ఫోను పిన్‌తో సంబంధం లేని వేరే పిన్ పెట్టి వేలిని ఆపండి.

మంచిర్యాల_గని
ఐఫోన్ వాళ్లను మరిచిపోయారు. iOS 18 నుంచి చాలా ఆప్‌ల గుర్తు మీద వేలు కాసేపు నొక్కిపెట్టి ఉంచితే Require Face ID వస్తుంది. మెయిల్‌కు అది పెడితే నోటిఫికేషన్‌లో అక్షరాలు కూడా దాగుతాయి, వెతికినా దొరకవు. అంతకు ముందు వెర్షన్ అయితే Settings, Notifications, Show Previews దగ్గర When Unlocked పెట్టుకోవాలి. నేను పెట్టాను, అయినా ఫోను చేతిలోకి తీసుకోగానే అక్షరాలు కనిపిస్తున్నాయి. ఇది చెడిపోయిందా?

కాజీపేట_స్టేషన్
చెడిపోలేదు. మీ ముఖం చూడగానే ఫోను అన్‌లాక్ అవుతుంది, మీరు పైకి జరపకపోయినా అక్షరాలు తెరుచుకుంటాయి. అందుకే మీ చేతిలో పరీక్షిస్తే తెలియదు. ఫోను బల్ల మీద పెట్టి, మీరు తప్పుకుని, వేరే ఖాతా నుంచి మెయిల్ పంపి, పక్కవారిని చూడమనండి. ఆండ్రాయిడ్‌లోనూ ఇంటి దగ్గర తాళం పడకుండా ఉండే సౌకర్యం పెట్టుకున్నవారు ఈ పరీక్ష బయట చేయాలి.

ములుగు_జాతర
మేడారంలో జనంలో నా ఫోను పోయింది. తాళం ఉంది, నోటిఫికేషన్లు దాచి ఉన్నాయి. అయినా రెండు గంటల్లో ఒక షాపింగ్ ఖాతా మారిపోయింది. ఎలాగో ఆలోచించండి.

కాజీపేట_స్టేషన్
సిమ్ తీసి వేరే ఫోనులో పెట్టి ఉంటారు. ఓటీపీ ఆ ఫోనుకే వెళ్లింది. లాక్ స్క్రీన్ ఎంత కప్పినా సిమ్ మీ తాళం కింద ఉండదు. సెట్టింగ్స్‌లో SIM lock పెడితే, వేరే ఫోనులో వేసినప్పుడు ముందు ఆ పిన్ అడుగుతుంది. మొదటి పిన్ మీ నెట్‌వర్క్ వాళ్ల దగ్గర తెలుసుకోండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ ఆగిపోయి, దాన్ని మళ్లీ తెరిచే PUK అనే కోడ్ అడుగుతుంది, దాన్ని ఊహించి కొట్టకండి.

కరీంనగర్_రిపేర్
సిమ్ లాక్ పెట్టి పిన్ మరిచిపోయినవాళ్లు రోజూ మా దుకాణానికి వస్తారు. ఆ బాధ మీకు తెలియదు.

ములుగు_జాతర
ఖాతా పోగొట్టుకున్న బాధ మీకు తెలియదు.

హుజూరాబాద్_పత్తి
ప్లే స్టోర్ ఆప్ తాళం గురించి ఒక మాట. మా అబ్బాయి దాన్ని తీసేసి నా మెయిల్ చూశాడు. ఆప్ తొలగించడానికి కూడా పిన్ అడిగేలా పెట్టుకోవాలట. అంతకంటే ముఖ్యం, క్రోమ్‌లో అదే ఖాతా తెరిచి ఉంది. మెయిల్ ఆప్‌కు తాళం ఉన్నా బ్రౌజర్‌లో mail.google.com కొడితే అంతా కనిపిస్తుంది. హోమ్ స్క్రీన్ మీద మెయిల్ విడ్జెట్ ఉంటే అదీ తీసేయండి.

పరకాల_పుస్తకం
ఆండ్రాయిడ్ 15 ఉంటే Private Space లో మెయిల్ పెట్టుకోవచ్చు. అది మూసి ఉన్నప్పుడు నోటిఫికేషన్లే రావు. సామ్‌సంగ్‌లో Secure Folder ఉంది. కానీ బయట ఉన్న మెయిల్ నుంచి ఖాతా తీసేయకపోతే లోపల పెట్టిందంతా వృథా.

కాజీపేట_స్టేషన్
నిజమే. అయితే Private Space మూసి ఉంటే ఇంటర్వ్యూ పిలుపు కూడా తెరిచినప్పుడే తెలుస్తుంది. ఉద్యోగం వెతుకుతున్నవారికి ఇది సరిపడదు.

హనుమకొండ_ఖాతాలు
అందరికీ ధన్యవాదాలు. కాజీపేట అన్నగారు చెప్పినట్లే చేసి, మా చెల్లెలి ఫోను నుంచి మెయిల్ పంపించి చూశాను. సొంత ఖాతాకు వచ్చినవి దాగాయి, ఉద్యోగాల కోసం తెరిచిన రెండో ఖాతాకు వచ్చినవి పూర్తిగా కనిపించాయి. దాన్నీ విడిగా మార్చాక సరిపోయింది. పాప వేలు తీసేశాను, తను అలిగింది. ఒక్కటి మిగిలింది. నా చేతి గడియారం మెయిల్ మొత్తం చూపిస్తుంది. ఫోనులో దాచినా అక్కడ ఎందుకు ఆగడం లేదు?

మంచిర్యాల_గని
నా గడియారంలోనూ అంతే. ఎవరికైనా తెలిస్తే రాయండి.

కాజీపేట_స్టేషన్
ఫోను లాక్ స్క్రీన్ మీద పెట్టిన నియమం గడియారానికి వర్తించకపోవచ్చు. గడియారాన్ని కలిపే ఆప్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి మెయిల్‌ను ఆపి చూడండి. ఏ కంపెనీ గడియారమో రాస్తే దాని సెట్టింగ్ వెతుకుతాను.