నాలుగు బుకీల్లో రెండు లిమిట్ చేశాయి, ఎక్స్ఛేంజ్‌లో మంచి ధర ఎలా పట్టాలి?

యూకేలో ఉంటాను. ప్రీమియర్ లీగ్ ఓవర్/అండర్ 2.5 గోల్స్ మీదే, నాలుగు బుకీల ధరలు చూసి, ఎక్కడ ఎక్కువుంటే అక్కడ 10 పౌండ్లు పెడతాను. ఇప్పటికి 400 బెట్లు, 208 గెలిచాను. అన్నీ 1.91కే పెట్టి ఉంటే 27 పౌండ్లు నష్టం వచ్చేది, సగటున 1.96 దొరికింది కాబట్టి 77 లాభం. అదే గెలుపులు, ఐదు పైసల తేడా అంతే!

ఇప్పుడు ఎక్కువ ధర ఇచ్చే రెండు బుకీలూ నన్ను 2 పౌండ్లకు లిమిట్ చేశాయి. మిగతా రెండింటిలో సగటు 1.92 దాటట్లేదు. శుక్రవారం పొద్దున్నే పెట్టి చూశాను, మ్యాచ్‌కు గంట ముందూ చూశాను, మారలేదు. ఎక్స్ఛేంజ్‌లో 2.00 అడిగి వదిలేస్తే (2% కమిషన్ పోగా 1.98) 30లో 11 మాత్రమే మ్యాచ్ అయ్యాయి, అందులో 8 తర్వాత 2.06 పైకి పోయాయి, అంటే నాకు దొరికింది జనం వద్దనుకున్న వైపే అన్నమాట. టెన్షన్‌గా ఉంది.

ఎక్స్ఛేంజ్ వాడేవాళ్లు చెప్పండి: ఇలా ముందే ధర అడిగి ఆగాలా, లేక కిక్ఆఫ్ దగ్గర ఉన్న ధరే తీసుకోవాలా?