జలుబు తగ్గింది, స్ప్రే మాత్రం వదలడం లేదు

కూకట్‌పల్లి వాసి: నవంబరు చివర్లో జలుబు చేస్తే మందుల షాపులో ముక్కు స్ప్రే ఇచ్చారు. కొట్టిన ఐదు నిమిషాల్లో ఊపిరాడింది. జలుబు వారంలో పోయింది, స్ప్రే మాత్రం ఆరు వారాలుగా నడుస్తోంది. మొదట్లో రాత్రికి ఒకసారి సరిపోయేది. ఇప్పుడు మూడు గంటలు దాటితే ముక్కు బిగుసుకుంటుంది. అమీర్‌పేటలో మెట్రో మారేలోపే జేబు తడుముకుంటున్నాను. ఇది సైనసా, ఈ ఊరి దుమ్ము ఎలర్జీయా?

మందుల షాపు శారద: సీసా మీద పెద్దక్షరాల పేరు వదిలేసి, కింద సన్నగా ఉన్నది చదివి రాయండి.

కూకట్‌పల్లి వాసి: జైలోమెటాజోలిన్ హైడ్రోక్లోరైడ్, 0.1 శాతం.

మందుల షాపు శారద: దుమ్ముకంటే ముందు దీన్నే అనుమానించాలి. ముక్కులోని మెత్తటి మడతల్లో రక్తనాళాలు ఉబ్బితే దారి మూసుకుంటుంది. ఈ మందు వాటిని బిగిస్తుంది. రోజుల తరబడి వాడితే నాళాలు దానికి లొంగడం తగ్గిస్తాయి, మందు ప్రభావం దిగగానే మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతాయి. మీరు జలుబే తిరగబెట్టిందనుకుని మళ్లీ కొడతారు. మూడు రోజులు, మహా అయితే ఐదు, అంతే దీని హద్దు. ఆక్సీమెటాజోలిన్‌దీ ఇదే దారి. పేరు చివర 'జోలిన్' కనిపిస్తే రోజులు లెక్కపెట్టుకోండి.

రిటైర్డ్ మాస్టారు: స్ప్రేలన్నీ వ్యసనాలే! నాకు ఫ్లూటికసోన్ రాశారు. నాలుగు రోజులు కొట్టినా లాభం లేదు, అలవాటైపోతుందని పారేశాను.

మందుల షాపు శారద: తొందరపడ్డారు మాస్టారూ. అది స్టెరాయిడ్, కొట్టగానే ముక్కు తెరవదు. పూర్తి ఫలితానికి వారం, రెండు వారాలు పట్టవచ్చు. ఈ తిరగబెట్టే బిగింపు దానితో రాదు. అసలు చిక్కు ఎక్కడంటే, ఒకే బ్రాండు పేరుతో ఉప్పునీటి సీసా, జోలిన్ సీసా రెండూ వస్తాయి. రంగు చూసి కొంటే మోసపోతారు.

మియాపూర్ అమ్మ: మా బాబుకు నాలుగేళ్లు. పెద్దల సీసాలోంచే ఒక్క చుక్క వేయవచ్చా?

మందుల షాపు శారద: వద్దమ్మా. పిల్లల సీసాల్లో గాఢత తక్కువ. అది కూడా పిల్లల డాక్టరు చెబితేనే.

పాత బాధితుడు: నేను రెండేళ్లు వాడాను. ఈఎన్‌టీ డాక్టరు మొమెటసోన్ అనే స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టించి, జోలిన్ స్ప్రేను ముందు కుడి ముక్కుకు మాత్రమే ఆపించారు. మూడు రాత్రులు అటువైపు రాయి పెట్టినట్టుంది, ఎడమవైపుతో ఊపిరి పీల్చుకుంటూ గడిపాను. తొమ్మిదో రోజుకు కుడివైపు గాలి ఆడింది. అప్పుడు ఎడమకూ ఆపేశాను.

రిటైర్డ్ మాస్టారు: ఒకేసారి మానేస్తే పోదా? మా తమ్ముడు అలాగే మానేశాడు.

మందుల షాపు శారద: అలా మానేవారూ ఉన్నారు. ఏది మేలో అందరికీ ఒకే జవాబు లేదు. బీపీ గానీ గ్లకోమా గానీ ఉంటే మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి, ఈ మందుతో వాటికీ పేచీ ఉంది.

కూకట్‌పల్లి వాసి: ఈ రాత్రి కుడివైపు కొట్టలేదు. రెండున్నర అయింది, నిద్ర లేదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే కుడి ముక్కు కాస్త తెరుచుకున్నట్టుంది. నా భ్రమా?

పాత బాధితుడు: భ్రమ కాదు. కిందికి ఉన్న ముక్కే ఎక్కువగా బిగుస్తుంది. అలాగే పడుకోండి, తలకింద ఇంకో దిండు పెట్టుకోండి.